వెయిటేజీ ఒక వరుసలో, మార్కులు ఇంకో వరుసలో

వెయిటేజీ మనకు కొత్త మాట కాదు. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ చాలా ఏళ్లు నడిచింది. అదే లెక్కను తరగతి మొత్తానికి ఎక్సెల్‌లో వేయబోతేనే టీచర్లకు చిక్కులు ఎదురవుతాయి.

ఒక షీటు తీసుకుందాం. మొదటి వరుసలో పరీక్షల పేర్లు: యూనిట్ టెస్టు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్. రెండో వరుసలో, B2 నుంచి E2 వరకు, వాటి వెయిటేజీలు: 10, 20, 20, 50. మూడో వరుస నుంచి పిల్లల మార్కులు, అన్నీ వందకే. మొదటి అమ్మాయికి 90, 80, 70, 60 వచ్చాయి. రెండో అబ్బాయికి సరిగ్గా తిరగేసి 60, 70, 80, 90. మామూలు సగటు ఇద్దరికీ 75 వస్తుంది. కానీ ఏడాది పొడవునా జారుతూ వచ్చిన అమ్మాయి, మెరుగుపడుతూ వచ్చిన అబ్బాయి ఒకటి కాదు కదా! F3 గడిలో ఇలా రాయాలి:

```
=SUMPRODUCT($B$2:$E$2,B3:E3)/SUM($B$2:$E$2)
```

SUMPRODUCT ఏ పరీక్ష మార్కును ఆ పరీక్ష వెయిటేజీతోనే గుణించి, వచ్చినవన్నీ కూడుతుంది. అమ్మాయికి 900, 1600, 1400, 3000 కలిపి 6900. దాన్ని వెయిటేజీల మొత్తం 100తో భాగిస్తే 69. ఫార్ములాను కిందికి లాగితే అబ్బాయికి 81 వస్తుంది.

ఆ డాలర్ గుర్తులు వదిలేస్తే? మొదటి జవాబు 69 సరిగ్గానే వస్తుంది కాబట్టి అనుమానం రాదు. కిందికి లాగగానే మార్కులతో పాటు వెయిటేజీల వరుస కూడా ఒక మెట్టు దిగుతుంది. అబ్బాయి మార్కులకు అమ్మాయి మార్కులే వెయిటేజీలవుతాయి. 81 రావాల్సిన చోట 73.33 వస్తుంది. నన్నడిగితే ఈ ఫార్ములాలో అన్నిటికంటే ప్రమాదం ఇదే, ఎందుకంటే 73.33 చూడ్డానికి నిజమైన మార్కులాగే ఉంటుంది, ఎర్రర్ ఏదీ కనబడదు. అందుకే ఆఖరి విద్యార్థి గడిని రెండుసార్లు నొక్కి చూడండి. రంగు గీత రెండో వరుస చుట్టూ ఉంటే లెక్క సరైనదే.

ఇక పరీక్షకు రాని పిల్లల సంగతి. మూడో విద్యార్థికి 80, 70, 90 వచ్చాయి, క్వార్టర్లీ గడిలో AB అని ఉంది. SUMPRODUCT ఆ అక్షరాలను సున్నాగా తీసుకుంటుంది. 6700ను 100తో భాగించి 67 ఇస్తుంది. జ్వరం వచ్చి మానేసిన పిల్లవాడికి ఆ పరీక్షను మినహాయించాలని స్కూలు నిర్ణయిస్తే, రాసిన పరీక్షల వెయిటేజీలతోనే భాగించాలి. ఐదో వరుసలో ఉన్న ఆ పిల్లవాడికి ఇలా:

```
=SUMPRODUCT($B$2:$E$2,B5:E5)/SUMPRODUCT($B$2:$E$2,--ISNUMBER(B5:E5))
```

ISNUMBER అంకె ఉన్న గడులను గుర్తిస్తుంది. ముందున్న రెండు మైనస్‌లు ఆ అవును, కాదులను 1, 0గా మారుస్తాయి. భాజకం 80 అయి, జవాబు 83.75 అవుతుంది. 67కీ దీనికీ మధ్య దాదాపు 17 మార్కుల తేడా ఉంది. ఏది వేయాలో ముందే తేల్చుకుని, తరగతి మొత్తానికి అదే ఫార్ములా వాడాలి.