సగటు మార్కుల వెనక

నాలుగో తరగతి టీచర్లు ఇద్దరనుకుందాం. ఏడాది చివర లెక్కల్లో ఒకరి పిల్లల సగటు 70, మరొకరిది 52. కానీ జూన్‌లో ఆ సగటులు 66, 31. ఎక్కువ ముందుకొచ్చింది రెండో టీచరు పిల్లలే.

అయితే పరీక్షరోజు నలుగురికి జ్వరమొచ్చినా సగటు మారుతుంది. అందుకే పాఠం చెబుతుండగా చూడాలి, అదీ ఒక్కసారి కాదు. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ సుమారు 3,000 మంది టీచర్లతో జరిపిన అధ్యయనంలో, వేర్వేరు పాఠాలను ఒకరికి మించి పరిశీలకులు చూస్తే అంచనా మరింత నమ్మదగ్గదిగా తేలింది. వెనక బెంచీ పిల్లాడు తప్పు చెబితే టీచరు "ఎలా చేశావు నాన్నా?" అని అడిగారా? నా దృష్టిలో అన్నిటికన్నా ముందు గమనించాల్సింది అదే.

తల్లిదండ్రులు పాఠం చూడరు. కాబట్టి వాళ్లను హోంవర్కు దిద్దుతున్నారా, పిల్ల బడికి భయపడుతోందా అనే అడగాలి. మూడింటికీ పొంతన కుదరకపోతే సగటు కట్టేయకుండా మళ్లీ తరగతికి వెళ్లాలి.