కంగారు ఎప్పుడు జబ్బవుతుంది?

హైదరాబాద్‌లో చదువుకుంటున్న కూతురు రాత్రి బస్సెక్కి ఊరికి బయల్దేరింది. తెల్లవార్లూ తల్లికి కంటి మీద కునుకు లేదు. అమ్మాయి గుమ్మంలోకి రాగానే మనసు కుదుటపడింది. ఇది మామూలు కంగారే.

మరో తల్లిని ఊహించుకుందాం. కూతురు క్షేమంగా హాస్టల్లోనే ఉంది. అయినా ఆమె గంటగంటకూ ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే రూమ్మేట్‌కి, ఆమె కూడా ఎత్తకపోతే వార్డెన్‌కి. "క్లాసులో ఉన్నానమ్మా" అన్న మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. పావుగంట తిరక్కుండానే మరో అనుమానం: గొంతు నీరసంగా ఉందేం, జ్వరమేమో! అక్కడితో ఆగదు. భర్త బీపీ, ఇంటి లోను, రేపు రాబోయే చుట్టాలు... ఒకదాని వెనక ఒకటి. సిగ్నల్ అందదేమోనని దగ్గరి బంధువుల పెళ్లికి కూడా వెళ్లడం మానేసింది.

ఇద్దరిదీ బిడ్డ మీద బెంగే. తేడా అంతా ఆ భయం మనిషి చేత ఏం చేయిస్తోందన్న దాంట్లో ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ కాసేపు ఊరట దొరుకుతుంది కాబట్టి, ఫోన్ చేయడం వల్లే గండం గడిచిందని మనసు నమ్మేస్తుంది. చేయకపోయినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం దానికి రానే రాదు. భయం అలా ముదురుతుంది.

ఇలా రకరకాల విషయాల మీద, అదుపు చేసుకోలేని ఆందోళన కనీసం ఆరు నెలలపాటు, ఎక్కువ రోజులు వేధిస్తే వైద్యులు 'జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్'గా అనుమానిస్తారు. నిద్ర పట్టకపోవడం, అలసట, చిరాకు, చదివింది బుర్రకెక్కకపోవడం, మెడా భుజాలూ బిగుసుకుపోవడం దీని గుర్తులు. మన ఇళ్లలో మాత్రం మనసు సంగతి చివర్న గానీ బయటపడదు. మెడనొప్పికి బామ్, కడుపులో మంటకు బిళ్ల, గుండెదడకు ఈసీజీ అయ్యాకే ఆ ఊసు వస్తుంది. అలాగని పరీక్షలు వద్దని కాదు. థైరాయిడ్ అతిగా పనిచేసినా దడ, వణుకు వస్తాయి కాబట్టి ముందు అది చూడాల్సిందే.

చికిత్స ఉంది. సీబీటీ అనే మానసిక చికిత్సలో ఈ తల్లి రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారే ఫోన్ చేయడం సాధన చేస్తుంది. మొదట్లో మధ్యాహ్నమంతా నరకంలా ఉంటుంది. అయినా చేయకుండా ఓర్చుకుంటే ఆ ఉద్వేగం దానంతటదే దిగుతుందని కొన్నాళ్లకు స్వయంగా గ్రహిస్తుంది. అవసరమైతే డాక్టర్ మందులూ రాస్తారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పక్కింటివారికి నయమైందని అల్ప్రాజోలం బిళ్లలు తెచ్చి మింగడం మాత్రం ప్రమాదం. అవి అలవాటుగా మారతాయి, ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు.

'నీకన్నీ అనవసర భయాలే' అని ఇంట్లోవాళ్లు విసుక్కోవద్దు. అనవసరమని ఆమెకూ తెలుసు, ఆపడమే చేతకావడం లేదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.