అమెరికాలో ఓనరు, అద్దె వసూలుకు బావమరిది

కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు ఉందనుకుందాం. ఓనరు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నెలకు 28 వేల అద్దె. ఇల్లు చూసుకునేది నిజాంపేటలో ఉండే బావమరిది. పైపు కారినా, సొసైటీ మెయింటెనెన్స్ పెరిగినా ఫోను ఆయనకే వస్తుంది. అద్దెకున్నవాళ్లు మారినప్పుడు మాత్రం కొత్తగా దిగిన కుటుంబం నుంచి ఒక ప్రశ్న వచ్చింది: “అద్దె మీకివ్వమని సార్ రాసిచ్చారాండీ?”

అడగాల్సిన ప్రశ్నే అది. అధికారం లేని మనిషి చేతికి అద్దె ఇస్తే, నాకు ముట్టలేదని ఓనరు మళ్లీ అడగవచ్చు. అందుకే ఇలాంటి ఉత్తరం బావమరిది కంటే ముందు అద్దెకున్నవారికి రక్షణ. అది వాళ్ల పేరునే రాయాలి, ఒక కాపీ వాళ్ల దగ్గరే ఉండాలి.

ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. ఓనరు పేరు, విదేశీ చిరునామా, ఫ్లాటు నంబరు, బావమరిది పూర్తి పేరు, ఆయనతో బంధుత్వం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవి మొదట ఉండాలి. అసలు బలం ఆ తర్వాతి రెండు మూడు వాక్యాలది. “అద్దె వసూలు చేసి రసీదు ఇవ్వడానికి, పది వేల రూపాయల లోపు మరమ్మతులు నన్నడగకుండా చేయించడానికి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళాలు తీసుకోవడానికి మా బావమరిదికి అధికారం ఇస్తున్నాను. అద్దె తగ్గించడానికి, అడ్వాన్సు వాడుకోవడానికి, ఇల్లు అమ్మడానికి లేదా తాకట్టు పెట్టడానికి అధికారం లేదు.” ఈ రెండో వాక్యాన్ని చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. రాయకపోతేనే రేపు బంధువుల మధ్య మాటలొస్తాయి.

డబ్బు ఎక్కడ పడాలో కూడా అందులోనే చెప్పాలి. బావమరిది ఖాతాలో వేయించి, ఆయన పంపిస్తాడులే అనుకోవడం పొరపాటు. ఆదాయం ఓనరుదైనా లెక్కలో ఆయన పేరు కనబడుతుంది. ఓనరు ఎన్ఆర్ఓ ఖాతా నంబరే ఉత్తరంలో ఇస్తే ఆ చిక్కు ఉండదు.

అద్దెకున్నవారికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఓనరు ఎన్ఆర్ఐ అయితే, అద్దె ఎంత తక్కువైనా టీడీఎస్ పట్టుకునే బాధ్యత వాళ్లదే. మామూలు లెక్కన 30 శాతం, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం. 28 వేలలో 8,736 రూపాయలు ప్రభుత్వానికి కట్టి, 19,264 ఖాతాలో వేయాలి. మధ్యలో బావమరిది ఉన్నాడని ఈ నియమం మారదు. ఈ ఫ్లాటు ఏడాది అద్దె 3,36,000. అందులో చట్టం ఇచ్చే 30 శాతం మినహాయింపు తీసేస్తే 2,35,200 మిగులుతుంది. ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే ఓనరుకు పన్నే పడదు. రిటర్ను వేసి, కోసిన 1,04,832 రూపాయలు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ సంగతి ముందే ఉత్తరంలో రాస్తే, ప్రతి నెలా తక్కువ పడిందేమిటని తగవు రాదు.

అయితే ఉత్తరానికి ఒక హద్దుంది. అద్దె ఎగ్గొట్టి, ఖాళీ చేయమంటే మొండికేస్తే, కోర్టులో ఓనరు తరఫున కేసు నడపడానికి తెల్లకాగితం చాలదు. దానికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దాన్ని అమెరికాలో నోటరీ ముందు సంతకం చేసి, అపోస్టిల్ ముద్ర వేయించి పంపాలి, లేదా భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించాలి. కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామంది దాన్ని బీరువాలో పెట్టి, గొడవ వచ్చాకే బయటికి తీస్తారు. అప్పటికి గడువు దాటి ఉంటుంది, పెనాల్టీ కట్టనిదే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఇందులోనూ జనరల్ పవర్ వద్దు. ఈ ఒక్క ఫ్లాటు, అద్దె వ్యవహారాలు, కేసు నడపడం వరకే రాసిన స్పెషల్ పవర్ చాలు. పవర్ ఉన్నా, ఓనరుకు మాత్రమే తెలిసిన విషయాలకు బావమరిది సాక్ష్యం చెల్లదని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అద్దె మాటలు ఫోనులో ఓనరే మాట్లాడి ఉంటే, సాక్ష్యానికి ఆయనే రావాలి.

ఓనరు చనిపోతే ఇలాంటి అధికారం మామూలుగా అంతటితో పోతుంది. బతికుండగా రద్దు చేసుకోవాలంటే బావమరిదికి చెబితే సరిపోదు, అద్దెకున్నవారికి తెలియాలి. వాళ్లకు తెలిసేదాకా పాత మనిషికి ఇచ్చిన అద్దె చట్టం దృష్టిలో ఓనరుకు ముట్టినట్టే. అందుకని రద్దు ఉత్తరం వాళ్లకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చిన రసీదు దాచుకోండి.