‘ఈసారైనా’ అనే మాట తీసేస్తే

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే చాలు, ఫోన్ల నిండా ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలే. స్పోకెన్ ఇంగ్లీషు నుంచి కోడింగ్ దాకా అన్నిటికీ న్యూ ఇయర్ ఆఫరే. వాటిలో తరచూ కనిపించే మాట ఒకటుంది: ‘పోయినేడాదీ ఇలాగే అనుకున్నారు కదా, ఈసారైనా మొదలుపెట్టండి!’ రాసినవాళ్లకు అది పౌరుషం రేపే మాటలా తోస్తుంది. కానీ జనవరి ఒకటో తేదీకున్న బలాన్ని తీసేసేది ఆ మాటే.

ఆ బలం ఎక్కడిదో అమెరికాలో హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ఒక పరిశోధన వ్యాసంలో వివరించారు. గూగుల్‌లో ‘డైట్’ కోసం వెతకడం, విద్యార్థులు జిమ్‌కు వెళ్లడం వారం, నెల, ఏడాది మొదట్లో పెరుగుతున్నాయని వాళ్లు లెక్కలతో చూపించారు. ఇలాంటి తేదీ రాగానే పాత వైఫల్యాలు పాత కాలానికే చెందినవన్న భావన మనిషికి కలుగుతుందని, దాంతో కొత్త పనికి మనసు తేలికపడుతుందని వాళ్ల వివరణ. వ్యాపారి కొత్త ఖాతా పుస్తకం తెరిచినట్టన్నమాట. ‘పోయినేడాదీ ఇంతే కదా’ అనే ప్రకటన ఆ పుస్తకం మొదటి పేజీలోనే పాత బాకీ రాసిపెడుతుంది.

దీనికి చట్టం వైపు నుంచీ ఒక హద్దు ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’పై మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 రకాల మాయల్లో కొనేవాళ్లలో భయం, సిగ్గు, అపరాధభావం రేపి ఒప్పించడం ఒకటి. విమాన టికెట్‌తో బీమా వద్దనుకునేవాళ్ల చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనిపించడాన్ని ఉదాహరణగా చూపారు. లేని తొందర పుట్టించడం కూడా ఆ జాబితాలో ఉంది. అర్ధరాత్రితో ముగుస్తుందన్న ఆఫర్ మర్నాడు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటుంటే, అది ఏ కోవలోకి వస్తుందో చదివేవాళ్లకే తెలిసిపోతుంది.

మరి ఎలా రాయాలి? షాపుల్లో లెక్కలు చూసేవాళ్ల కోసం ఎనిమిది వారాల టాలీ కోర్సు ఒకటి ఉందనుకుందాం. మొదటి ముసాయిదా ఇలా వచ్చింది: ‘ఇంకెన్నాళ్లు ఇలా? మీ తోటివాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు. 2 గంటలే గడువు!’ కింద రెండు బటన్లు: ‘చేరతాను’, ‘వద్దు, నేనిలాగే ఉండిపోతాను’.

దాన్ని తిరగరాస్తే: ‘టాలీ కొత్త బ్యాచ్ జనవరి 5న మొదలు. వారానికి మూడు గంటలు, ఎనిమిది వారాలు. మొదటి పాఠం 12 నిమిషాలు, ఉచితం. అది అయ్యేసరికి మీ షాపు పేరుతో కంపెనీ తెరిచి, ఒక లెడ్జర్ తయారుచేస్తారు. ఒక వారం కుదరకపోతే పాఠాలు ఎక్కడికీ పోవు. ఫీజు 2,400 రూపాయలు, ఆఫర్ జనవరి 15 వరకు.’ రెండో బటన్ మీద ‘ఇప్పుడు వద్దు’ అని ఉంటే చాలు. పట్టే సమయం, అయ్యే ఖర్చు, చేతికొచ్చే పని అన్నీ ఇందులో తెలుస్తున్నాయి. రాత్రి షాపు మూసి ఇంటికొచ్చే మనిషి తనకు కుదురుతుందో లేదో తనే తేల్చుకోగలడు.

మొదటి పాఠానికి ఇంత చోటివ్వడానికి కారణముంది. ఎంఐటీ, హార్వర్డ్ ఆన్‌లైన్ కోర్సుల వివరాలను పరిశీలించి జస్టిన్ రైష్, హోసే రుయిపెరెస్-వలియెంతే 2019లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా పాఠాల పేజీలోకే అడుగుపెట్టలేదు. 2017-18లో పూర్తిచేసినవాళ్లు నూటికి ముగ్గురు. డబ్బు కట్టి ధ్రువపత్రానికి సిద్ధమైనవాళ్లలో మాత్రం ఆ సంఖ్య 46. ముందు నుంచే పట్టుదల ఉన్నవాళ్లే డబ్బు కడతారు కాబట్టి, ఫీజు పెంచితే అందరూ పూర్తిచేస్తారనుకోవడానికి వీల్లేదు. అందుకే ప్రకటన ఫలించిందో లేదో చూడాల్సింది చేరినవాళ్ల సంఖ్యలో కాదు, రెండో వారం పాఠం తెరిచినవాళ్ల సంఖ్యలో. చేరికలు బాగా ఉండి రెండో వారానికి ఖాళీ అయిందంటే, ప్రకటన తప్పు ఆశ చూపిందేమో వెతకాలి.

మాటల బలానికీ పరిమితి ఉంది. ఎప్పుడు, ఎక్కడ చదువుతారో ముందే రాయమని అడిగే పద్ధతిని దాదాపు రెండున్నర లక్షల మంది మీద పరీక్షించిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. మొదటి కొన్ని వారాల్లో కొద్దిపాటి మేలు కనిపించింది, తర్వాత అది నిలవలేదు. రాత్రి పూట పాఠాలు లేని కోర్సును పగలంతా కౌంటర్లో ఉండే మనిషికి ఎంత చక్కగా ప్రకటించినా ఉపయోగం లేదు.

జనవరి మూడో వారంలో వెళ్లే సందేశం కూడా ప్రకటనలో భాగమే. ‘మీరు వెనకబడ్డారు’ అని రాసే చోట ‘సంక్రాంతికి ఊరెళ్లొచ్చారా? మీరు ఆపిన చోటే ఓచర్ ఎంట్రీ పాఠం ఉంది, 15 నిమిషాలు’ అని రాయవచ్చు. అప్పటికీ కుదరనివాళ్లకు మళ్లీ ఫీజు కట్టక్కర్లేకుండా ఉగాది బ్యాచ్‌లో చేరే వీలు కల్పించి, ఆ సంగతి మొదటి ప్రకటనలోనే చెప్పేయాలి.