ఫ్లాటు అప్పగింత: ఫొటోకు తేదీ, తేదీకి మెయిలు

కొత్త ఫ్లాటు సిద్ధమైందని బిల్డరు కబురు పెడతాడు. ఇంటిల్లిపాదీ వెళ్లి గదులన్నీ చూస్తారు. తలుపు బిగుసుకుంటోందనో, గోడకు చెమ్మ ఉందనో చెబితే సైట్ ఇంజనీరు నోట్‌బుక్కులో రాసుకుని, ‘అన్నీ చేయించేస్తాం సార్’ అంటాడు. మూడు నెలలయ్యాక ఆ ఇంజనీరు ఇంకో సైటుకు మారిపోతాడు. కొత్తగా వచ్చినాయన, ‘ఇవి మీరు దిగాక వచ్చినవేమో’ అంటాడు. అప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏముంటుంది?

2016 నాటి రెరా చట్టం ఈ విషయంలో కొనుగోలుదారు పక్షాన గట్టిగానే నిలబడింది. 14వ సెక్షను, మూడో ఉపవిభాగం ప్రకారం ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి మీరు బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో అతను సరిచేయాలి. చేయకపోతే మీకు పరిహారం అడిగే హక్కుంది. ఇందులో కీలకం ‘దృష్టికి తేవడం’. ఎప్పుడు తెచ్చారో రుజువు లేకపోతే ఆ 30 రోజులు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి?

ఫొటోలు అందరూ తీస్తారు, కానీ చాలామంది మరకను దగ్గరగా తీసి ఊరుకుంటారు. ఆ మరక ఏ గదిదో, ఏ గోడదో ఆర్నెల్ల తర్వాత మనకే గుర్తుండదు. ఒక్క లోపాన్ని తీసుకుందాం. బాత్రూంలో బకెట్ నీళ్లు పోశారు. పావుగంట తర్వాత చూస్తే నీళ్లన్నీ జాలీలోకి పోలేదు, తలుపు మూలన నిలబడ్డాయి. అంటే నేల వాలు తప్పింది. మొదటి ఫొటో గుమ్మంలో నిలబడి బాత్రూం మొత్తం కనిపించేలా తీయండి. రెండోది జాలీ, నిలిచిన నీళ్లు ఒకే ఫ్రేములో పడేలా ఉండాలి. మూడోది ఆ నీళ్లలో చిన్న స్కేలు నిలబెట్టి, అంకె చదవగలిగేంత దగ్గరగా. నీళ్లు ఆరు మిల్లీమీటర్లు నిలిచాయని ఫొటోలో కనిపిస్తుంటే దాన్ని మాటలతో కొట్టిపారేయడం కష్టం. టైల్ కింద డొల్లగా ఉంటే ఫొటోలో తెలియదు. నాణెంతో కొడుతూ చిన్న వీడియో తీయాలి, పక్క టైలు మీదా కొట్టి శబ్దంలో తేడా వినిపించాలి.

ఇక తేదీ. ఫోను తీసే ప్రతి ఫొటో ఫైలులో తీసిన రోజు, సమయం నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గిపోయి ఆ వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. అయినా ఫోను గడియారం ఎవరైనా మార్చగలరు, బొమ్మ మీద తేదీ ముద్రించే యాప్‌లూ బోలెడు. కాబట్టి ఫొటో తేదీకి బలమిచ్చేది అదే రోజు పంపిన మెయిలే. ఆ మెయిలు అవతలివాళ్ల ఇన్‌బాక్సులోనూ అదే తేదీతో కూర్చుంటుంది. దాన్ని తర్వాత మనం మార్చలేం.

మెయిలు పొడవుగా అక్కర్లేదు. ఫైళ్లకు 504-bath-01.jpg తరహాలో పేర్లు పెట్టి, అవే పేర్లు వాక్యాల్లో రాయండి: ‘జూన్ 14 ఉదయం మీ ఇంజనీరు సమక్షంలో 504 ఫ్లాటు చూశాం. బాత్రూంలో తలుపు మూలన నీళ్లు నిలుస్తున్నాయి, 504-bath-01 నుంచి 03 వరకు చూడండి. 14(3) సెక్షను ప్రకారం 30 రోజుల్లో సరిచేయగలరు.’ కోపం, నిష్ఠూరం ఇందులో వద్దు. ఫొటోలు మెయిలుకే జతచేయాలి. డ్రైవ్ లింకులోని ఫైళ్లు తర్వాత మారే వీలుంది. జీమెయిల్‌లో పరిమితి 25 ఎంబీ, పట్టకపోతే రెండు మెయిళ్లు పంపండి. స్వాధీన పత్రంలో ‘అన్నీ తృప్తికరంగా ఉన్నాయి’ అన్న వాక్యం ఉంటే, సంతకం పక్కన ‘జూన్ 14 మెయిలులోని లోపాలు మినహా’ అని చేత్తో రాయండి. అమెరికాలో ఉంటూ హైదరాబాద్‌లో కొన్నవాళ్లు ఫ్లాటు చూడ్డానికి అమ్మానాన్నలను పంపుతుంటారు. ఫొటోలు వాళ్లు తీసినా, మెయిలు మాత్రం ఒప్పందంలో పేరున్నవారి ఐడీ నుంచి వెళ్లాలి.

గడువు దాటాక కొత్త మెయిలు మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వండి. అదే గుమ్మంలో నిలబడి, అదే కోణంలో మళ్లీ తీసి, పాత ఫొటో పక్కన పెట్టి, ‘504-bath-02లో ఉన్నట్టే నేటికీ ఉంది’ అని రాయండి. పని జరిగితే అదీ రాయాలి. పైపైన సిమెంటు పూసి వెళ్లిన మరమ్మతు ఒక్క వానాకాలంలో బయటపడుతుంది, అప్పుడు ఈ వరుసే మొత్తం కథ చెబుతుంది. రెరాకు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా ఈ మెయిళ్లే ఆధారం.

ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను కింద ధ్రువపత్రం అడుగుతారు. అందుకు అసలు ఫైళ్లు కావాలి. ఫోను మార్చేటప్పుడు, గ్యాలరీ ఖాళీ చేసేటప్పుడు ఐదేళ్లు నిండేదాకా ఆ ఫొటోల జోలికి పోకండి.