8.83 శాతం బాండు చివరికి చేతికిచ్చేదెంత?

2013 నవంబరులో భారత ప్రభుత్వం కొత్త పదేళ్ల బాండును వేలానికి పెట్టింది. రూపాయి బలహీనపడి, రిజర్వు బ్యాంకు డబ్బు లభ్యతను బిగించిన ఏడాది అది. వడ్డీ రేట్లు బాగా పెరిగి ఉన్నాయి. వేలంలో తేలిన రేటు 8.83 శాతం. దాంతో మార్కెట్లో ఆ బాండుకు ‘8.83% జీఎస్ 2023’ అనే పేరు స్థిరపడింది. ఏటా మే 25న ఒకసారి, నవంబరు 25న ఒకసారి వడ్డీ, 2023 నవంబరు 25న అసలు. ఇదీ ఒప్పందం.

ప్రభుత్వం మాట తప్పలేదు. అయినా ఆ బాండును మొదట్లోనే లక్ష రూపాయలకు కొని, చివరి రోజు దాకా ఉంచుకున్న ఇద్దరికి పదేళ్ల తర్వాత మిగిలిన సొమ్ము ఒకేలా ఉండాలని లేదు. ఒకరి డబ్బు ఏటా ఎనిమిది శాతం చొప్పున పెరిగి ఉండవచ్చు, మరొకరిది ఏడు శాతం చొప్పునే పెరిగి ఉండవచ్చు. తేడా బాండులో లేదు. ఆరు నెలలకోసారి చేతికొచ్చిన వడ్డీని ఎవరు ఎక్కడ పెట్టారన్న దానిలో ఉంది. ఆ వడ్డీ సంపాదించిన వడ్డీని కూడా కలుపుకుని, మొత్తం డబ్బు ఏ రేటున పెరిగిందో చెప్పే అంకెను రియలైజ్డ్ కాంపౌండ్ ఈల్డ్ అంటారు. తెలుగులో దాన్ని వాస్తవ చక్రవడ్డీ రాబడి అనుకుందాం.

లెక్క మొదలుపెడదాం. లక్షకు 8.83 శాతమంటే ఏడాదికి 8,830 రూపాయలు, ఆరు నెలలకు 4,415. ఈ వడ్డీ వాయిదానే బాండు మార్కెట్లో కూపన్ అంటారు. పదేళ్లలో ఇరవై కూపన్లు, మొత్తం 88,300 రూపాయలు. చివర్లో అసలు లక్ష వస్తుంది. అంటే బాండు నుంచి నేరుగా వచ్చేది 1,88,300.

అదే లక్ష రూపాయలు ఆరు నెలలకోసారి చక్రవడ్డీ కడుతూ 8.83 శాతం చొప్పున పదేళ్లు పెరిగితే 2,37,278 అవుతుంది. రెండు అంకెల మధ్య 48,978 రూపాయల తేడా ఉంది. ఈ సొమ్ము ప్రభుత్వం ఇచ్చేది కాదు. వచ్చిన కూపన్లను మదుపు చేసి, వడ్డీ మీద వడ్డీగా మదుపరి సంపాదించుకోవాల్సింది. మొత్తం లాభంలో అది మూడో వంతుకు పైనే. బాండు కొనేటప్పుడు చూపించే ఈల్డ్ టు మెచ్యూరిటీ, అంటే గడువు దాకా ఉంచితే వచ్చే రాబడి, చివర్లో చేతిలో ఉండే సొమ్ముగా మారాలంటే ప్రతి కూపనూ వచ్చిన రోజే మళ్లీ అదే 8.83 శాతానికి మదుపు కావాలి.

ఆ పదేళ్లలో అది సాధ్యమయ్యే పని కాదు. 2014 జనవరిలో 8 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు 2020 మేలో 4 శాతానికి దిగింది. అదే నెల ప్రభుత్వం తెచ్చిన కొత్త పదేళ్ల బాండు రేటు 5.79 శాతం. పాత బాండు మాత్రం ఆరు నెలలకోసారి 4,415 రూపాయలు ఇస్తూనే ఉంది. ఆ డబ్బును పెట్టడానికి 8.83 శాతమిచ్చే ప్రభుత్వ బాండు మాత్రం దొరకలేదు.

నిజానికి ఒక్కో కూపన్ ఒక్కో రేటుకు మదుపవుతుంది. లెక్క సులువుగా ఉండటానికి అన్నీ సగటున 6 శాతానికి, అంటే ఆరు నెలలకు 3 శాతానికి పోయాయనుకుందాం. మొదటి కూపన్ మిగిలిన తొమ్మిదిన్నరేళ్లలో 7,742 రూపాయలు అవుతుంది. 8.83 శాతమే దొరికి ఉంటే అది పదివేలు దాటేది. చివరి కూపన్ అసలుతో పాటే వస్తుంది కాబట్టి దానికి పెరిగే వ్యవధి ఉండదు. ఇరవై కూపన్లూ వాటి వడ్డీలూ కలిపితే 1,18,633 రూపాయలు. అసలు లక్ష కలిపితే 2,18,633.

ఇక లక్ష రూపాయలు ఇరవై అర్ధ సంవత్సరాల్లో ఇంత కావాలంటే ఏ రేటున పెరిగి ఉండాలో చూడాలి. చివరి మొత్తాన్ని మొదట పెట్టిన మొత్తంతో భాగించి, ఇరవయ్యో మూలం తీసి, ఒకటి తీసేస్తే అర్ధ సంవత్సర రేటు వస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే ఏడాది రేటు. ఎక్సెల్‌లో అయితే రెండు వరుసల పని:

```
=FV(0.03,20,-4415)+100000
=2*((218633/100000)^(1/20)-1)
```

జవాబు 7.98 శాతం. 8.83 శాతం బాండు అతనికి దాదాపు ఎనిమిది శాతం రాబడినే ఇచ్చింది. గమనించండి, కూపన్లు 6 శాతానికి పోయినా మొత్తం రాబడి 6కు పడిపోలేదు. అసలు, కూపన్ల మొత్తం ఒప్పందం ప్రకారమే వచ్చాయి. తక్కువ రేటు దెబ్బ వడ్డీ మీద వడ్డీ భాగానికే తగిలింది. అందుకే వాస్తవ రాబడి ఎప్పుడూ కొన్న రేటుకూ తిరిగి మదుపు చేసిన రేటుకూ మధ్యనే ఎక్కడో తేలుతుంది.

చాలామంది కూపన్ డబ్బును మదుపే చేయరు. అది సేవింగ్స్ ఖాతాలో పడి అక్కడే ఉండిపోతుంది. రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రారంభించిన రిటైల్ డైరెక్ట్ ద్వారా సామాన్యులు పదివేల రూపాయల నుంచి ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనవచ్చు. వాటి కూపన్లూ మదుపరి బ్యాంకు ఖాతాకే చేరతాయి. ఆ ఖాతా 3 శాతం ఇస్తుందనుకుంటే మన ఉదాహరణలో చివరి మొత్తం 2,02,091. వాస్తవ రాబడి 7.16 శాతం. కూపన్లను ఇంట్లో బీరువాలో దాచుకుంటే 6.43 శాతం. రేట్లు పెరిగి కూపన్లు 10 శాతానికి మదుపై ఉంటే మాత్రం రాబడి 9.21 శాతానికి ఎక్కేది. అంటే ఈ తేడా ఎప్పుడూ నష్టమే కానక్కర్లేదు. రేట్లు ఎటు కదిలితే అటు వంగుతుంది.

గడువు పెరిగే కొద్దీ ఈ వంపు ఎక్కువవుతుంది. 7 శాతం కూపన్ ఉన్న ముప్పై ఏళ్ల బాండులో లక్ష పెట్టి, కూపన్లనూ 7 శాతానికే తిప్పగలిగితే చివరికి 7,87,809 రూపాయలు. ఆ లాభంలో దాదాపు 70 శాతం వడ్డీ మీద వడ్డీయే. కూపన్లు 5 శాతానికే పోతే చేతికొచ్చేది 5,75,971. రాబడి 5.92 శాతం. ఇవే రేట్లతో పదేళ్ల బాండు అయితే రాబడి 6.49 దగ్గర ఆగుతుంది. ముప్పై ఏళ్ల బాండు కొని ‘రేటు కట్టేసుకున్నాం’ అనుకునేవారు నిజానికి అసలుకు మాత్రమే రేటు కట్టేసుకుంటున్నారు. కూపన్ల భవిష్యత్తు గాలిలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. రేట్లు తగ్గితే కూపన్ల మీద వచ్చే వడ్డీ తగ్గుతుంది, కానీ చేతిలో ఉన్న పాత బాండు ధర పెరుగుతుంది. గడువు దాకా ఉంచుకునేవాడికి ఆ ధరతో పనిలేదు. మధ్యలో అమ్మేవాడికి ఉంది. మన బాండు కొన్న మర్నాడే రేట్లు 6 శాతానికి పడిపోయి అక్కడే నిలిచాయనుకుందాం. సరిగ్గా ఏడేళ్లకు అమ్మితే, అప్పటి దాకా వచ్చిన పద్నాలుగు కూపన్లు వడ్డీతో సహా 75,436 రూపాయలై ఉంటాయి. మిగిలిన మూడేళ్ల బాండు 1,07,665 రూపాయలకు అమ్ముడవుతుంది. రెండూ కలిపితే 1,83,101. రాబడి లెక్కిస్తే మళ్లీ 8.83 శాతమే! కూపన్ల దగ్గర పోయింది ధర దగ్గర తిరిగొచ్చింది. ఈ రెండూ సరితూగే కాలాన్ని డ్యూరేషన్ అంటారు. ఈ బాండుకు అది కొన్ననాడు ఆరేళ్ల పది నెలలు. అంతకంటే ముందే అమ్మేవాడికి రేట్లు తగ్గడం లాభం. అది దాటి ఉంచుకునేవాడికి రేట్లు తగ్గడం నష్టం. బీమా కంపెనీలు, పింఛను నిధులు తాము చెల్లించాల్సిన తేదీలకు బాండ్ల డ్యూరేషన్‌ను జత చేసుకునేది ఈ కారణంతోనే. అయితే రేట్లు మళ్లీ మళ్లీ కదులుతాయి, కాలం గడిచేకొద్దీ డ్యూరేషన్ కూడా మారుతుంది. కాబట్టి ఆ జతను తరచూ సరిచూసుకోవాలి.

మామూలు మదుపరికి ఇంకా తేలిక దారులున్నాయి. కూపనే లేకపోతే తిరిగి మదుపు చేసే బెడదే ఉండదు. వడ్డీని మధ్యలో చేతికివ్వకుండా అదే రేటుకు కలుపుకుంటూ పోయే క్యుములేటివ్ ఫిక్స్‌డ్ డిపాజిట్, పోస్టాఫీసులో ఐదేళ్ల నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ ఈ కోవలోవే. వాటిలో చెప్పిన రేటే, పన్నుకు ముందు, చివరి రాబడి. అందుకే 7 శాతం కూపన్ బాండునూ 7 శాతం క్యుములేటివ్ డిపాజిట్‌నూ పక్కపక్కన పెట్టి ‘రెండూ ఒకటే’ అనుకోకూడదు. పదేళ్ల తర్వాత ఒకేసారి పెద్ద మొత్తం కావాల్సినవారికి అవి రెండు వేర్వేరు వస్తువులు.

ప్రతి నెలా ఖర్చుకు డబ్బు కావాల్సిన పెద్దవారి సంగతి వేరు. వాళ్లు కూపన్‌ను ఖర్చు పెట్టుకుంటారు. బాండులో నిలిచి ఉన్న అసలు మీద వారికి 8.83 శాతం అందినట్టే. ‘కూపన్లు తీసేసుకుంటే రాబడి 6.43 శాతమే’ అని వారిని బెదిరించడం తప్పు లెక్క. ఖర్చయిన డబ్బు వృథా అయినట్టు కాదు, దాని పని అది చేసింది. బీరువా లెక్క వర్తించేది డబ్బును కూడబెట్టాలని కోరుకుంటూ దాన్ని ఊరికే ఉంచేసినవారికే.

కాబట్టి బాండు కొనేముందు రాబడి అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. కూపన్ డబ్బు ఏ ఖాతాకు వస్తుంది, అక్కడి నుంచి ఎన్ని రోజుల్లో ఎక్కడికి పోతుంది, అక్కడ ఎంత రేటు దొరుకుతుంది అన్నది ముందే తేల్చుకోండి. కూపన్ మీద పన్ను కట్టాక మిగిలేదే మదుపుకు వస్తుందని గుర్తుంచుకుని, మీరు అనుకున్న రేటు కంటే రెండు శాతం తక్కువ వేసి పైన చూపిన రెండు వరుసల లెక్క ఒకసారి చేయండి. వచ్చిన జవాబు మీ అవసరానికి సరిపోతేనే ఆ బాండు మీకు సరైనది.