ప్రకటన పాతబడిందా, చూసే జనమే అయిపోయారా?

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన పెట్టిన మొదటి వారం వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. నాలుగో వారం వచ్చేసరికి ప్రకటన అదే, బడ్జెట్ అదే, వస్తువు ధర అదే, ఆర్డర్లు మాత్రం సగానికి పడిపోతాయి. ఇంటి అలంకరణ సామాన్లు అమ్ముకునే చిన్న వ్యాపారులు ఈ దశలో ఎక్కువగా చేసే పనులు రెండు. బడ్జెట్ పెంచుతారు, లేదంటే ఫొటో వెనక రంగు మార్చి మళ్లీ పెడతారు. బడ్జెట్ పెంచితే చూసి వదిలేసినవాళ్లకే ఇంకోసారి చూపించడానికి డబ్బు కడుతున్నట్టు. రంగు మారిస్తే వేలు ఆగదు, స్క్రోల్ అయిపోతూనే ఉంటుంది. అసలు ఏం జరిగిందో ముందు అంకెల్లో చూసుకోవాలి, ఆ తర్వాతే కొత్త ప్రకటన జోలికి వెళ్లాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. బొమ్మలాటకు ఆదరణ తగ్గాక అక్కడివాళ్లు అదే మేకతోలు మీద, అదే పనితనంతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నారు. హైదరాబాద్‌లో ఒకావిడ వాటిని తెప్పించి ఆన్‌లైన్లో అమ్ముతోంది అనుకుందాం. దీపం ధర 1,800 రూపాయలు. తయారీ, ప్యాకింగ్, కొరియర్ ఖర్చులు పోగా చేతిలో మిగిలేది 700. ప్రకటనకు రోజుకు 600, అంటే వారానికి 4,200 పెడుతోంది. లెక్క తేలికగా ఉండటానికి జీఎస్టీని పక్కన పెడదాం.

మొదటి వారంలో ప్రకటన 35,000 సార్లు కనిపించింది, చూసినవాళ్లు 25,000 మంది. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే 1.4. దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు, ఒక్కో మనిషికి సగటున ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క. లింక్ మీద నొక్కినవి 525, అంటే క్లిక్ రేటు 1.5 శాతం. క్లిక్కు 8 రూపాయలు పడింది. పది ఆర్డర్లు వచ్చాయి, ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చు 420. దీపానికి 280 రూపాయల లాభం మిగిలింది.

నాలుగో వారంలో కూడా 35,000 సార్లే కనిపించింది, కానీ చూసినవాళ్లు 12,500 మందే. ఫ్రీక్వెన్సీ 2.8 అయింది. క్లిక్కులు 245, అంటే 0.7 శాతం. క్లిక్కు 17 రూపాయలు దాటింది. ఆర్డర్లు అయిదు, ఒక్కోదానికి ఖర్చు 840. ఇప్పుడు దీపం అమ్మిన ప్రతిసారీ 140 రూపాయలు ఎదురు పెడుతోంది.

ఈ రెండు వారాల్లో మారనివి కూడా రెండున్నాయి, అసలు విషయం చెప్పేవి అవే. వెయ్యి సార్లు చూపించడానికి అయిన ఖర్చు, అంటే సీపీఎం, అప్పుడూ ఇప్పుడూ 120 రూపాయలే. పండగ సీజన్లో పెద్ద కంపెనీలు పోటీకి దిగినప్పుడు పెరిగేది ఈ అంకె. అది కదల్లేదంటే పోటీ కారణం కాదు. రెండోది, క్లిక్ చేసినవాళ్లలో కొన్నవాళ్లు అప్పుడూ వందకు ఇద్దరే, ఇప్పుడూ వందకు ఇద్దరే. అంటే వెబ్‌సైట్లో గానీ ధరలో గానీ చెల్లింపు దగ్గర గానీ తేడా రాలేదు. ఫ్రీక్వెన్సీ పెరిగి, క్లిక్ రేటు తగ్గి, ఈ రెండూ కదలకుండా ఉంటే ప్రకటన పాతబడిందని నమ్మకంగా చెప్పవచ్చు. క్లిక్కులు బాగానే ఉండి ఆర్డర్లు పడిపోతే మాత్రం ప్రకటనను ముట్టుకోవద్దు. ముందు మీ పేజీని మీ ఫోన్లోనే తెరిచి, ఒక దీపం కొనడానికి ప్రయత్నించి చూడండి.

ఫ్రీక్వెన్సీని చదవడంలో పొరపాట్లు సులువుగా జరుగుతాయి. యాడ్స్ మేనేజర్లో తేదీల్ని 30 రోజులకు పెడితే ఈ అంకె పెద్దగా కనిపిస్తుంది, ఏడు రోజులకు పెడితే చిన్నగా కనిపిస్తుంది. అందుకే వారాన్ని వారంతోనే పోల్చాలి. అలాగే దాన్ని యాడ్ సెట్ దగ్గర కాకుండా ఒక్కో ప్రకటన దగ్గర చూడాలి. ఒకే మనిషి మీ మూడు వేర్వేరు ప్రకటనల్ని ఒక్కోసారి చూస్తే యాడ్ సెట్ ఫ్రీక్వెన్సీ 3 అని వస్తుంది, కానీ ఆమెకు విసుగు పుట్టించే పునరుక్తి అందులో ఏదీ లేదు. ఒకసారి మీ పేజీకి వచ్చి వెళ్లినవాళ్లకే చూపించే ప్రకటనల్లో జనం తక్కువ కాబట్టి ఈ అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. కాబట్టి 2 దాటితే ప్రమాదం, 3 దాటితే ఆపేయాలి లాంటి సూత్రాలు అందరికీ వర్తించవు. ఒక్కో ఆర్డరుకు అయ్యే ఖర్చు మీ లాభాన్ని మింగేస్తోందా లేదా అన్నదే గీటురాయి. మెటా కూడా తన వైపు నుంచి ఇదే చూస్తుంది. మీ పాత ప్రకటనలతో పోలిస్తే ఒక్కో ఫలితానికి ఖర్చు పెరిగితే డెలివరీ కాలమ్‌లో `Creative limited` అని, రెట్టింపు లేదా అంతకు మించితే `Creative fatigue` అని చూపిస్తుంది. మన ఉదాహరణలో 420 కాస్తా 840 అయింది.

ఇప్పుడు కొత్త ప్రకటన. పాత ప్రకటన తెల్లటి గోడ ముందు వెలుగుతున్న దీపం ఫొటో. దాన్నే పసుపు గోడ ముందు పెట్టి తీస్తే, ఇప్పటికే వద్దనుకున్నవాళ్లకు అదే మాట రెండోసారి చెప్పినట్టవుతుంది. మార్చాల్సింది కొనడానికి చూపించే కారణాన్ని. ఒకే దీపాన్ని జనం వేర్వేరు కారణాలతో కొంటారు, ఒక్కో కారణం ఒక్కో ప్రకటన అవుతుంది.

ఆ కారణాలు దొరికే చోటు మీ వాట్సాప్, పాత ప్రకటన కింద వచ్చిన కామెంట్లు. "తోలు కదండీ, బల్బు వేడికి ముడుచుకుపోదా?" అని ఎక్కువమంది అడుగుతున్నారంటే, అడక్కుండానే వెళ్లిపోయినవాళ్లు ఇంకెంతో మంది ఉంటారు. ఆ ప్రశ్ననే వీడియో మొదట్లో పెట్టి, ఎల్‌ఈడీ బల్బు పెట్టి దీపాన్ని వెలిగించి, గంట తర్వాత షేడ్ మీద చెయ్యి ఆనించి చూపించవచ్చు. ఇది నిజంగా చేసి, చల్లగా ఉందని తెలిశాకే చూపించాలి. అదొక ప్రకటన. రెండోది, పగటి పూట మామూలుగా కనిపించే హాలు. మొదటి సెకనులోనే స్విచ్ పడుతుంది, తోలులోంచి రంగులు మెరుస్తాయి, రంధ్రాల్లోంచి చుక్కల వెలుగు గోడ నిండా పరుచుకుంటుంది. మూడోది, కళాకారుడి చేతులు, పలచగా గీకిన తోలు మీద ఉలితో ఒక్కో రంధ్రం పడటం. కొనేవాళ్లకు అది యంత్రం కోసింది కాదని తెలుస్తుంది, 1,800 ఎందుకో కూడా తెలుస్తుంది.

ఈ మూడింటినీ ఒక మధ్యాహ్నం ఒక ఫోన్‌తో తీయవచ్చు. నిలువుగా తీయండి. రీల్స్‌లో కింద మూడో వంతుకు పైగా భాగాన్ని పేరు, బటన్లు, రాతలు కప్పేస్తాయి, పైనా కొంత పోతుంది. దీపమూ మీ అక్షరాలూ నడిమి భాగంలోనే ఉండాలి. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి ప్రశ్న తెర మీద తెలుగులో కనిపించాలి.

ఎక్కించే పద్ధతిలోనూ జాగ్రత్త ఉంది. నడుస్తున్న పాత ప్రకటనను తెరిచి అందులోనే ఫొటో మార్చవద్దు. దానికి వచ్చిన లైకులు, కామెంట్లు కొత్తదానికి రావు, ఏది పని చేసిందో పోల్చే వీలూ పోతుంది. మూడింటినీ కొత్త ప్రకటనలుగా అదే యాడ్ సెట్‌లో ఒకేసారి చేర్చి, ఆమోదం వచ్చాక పాతదాన్ని ఆపేయాలి. పాతదాన్ని వదిలేస్తే, దానికి వెనక చరిత్ర ఉంది కాబట్టి బడ్జెట్‌లో ఎక్కువ భాగం దాని వైపే పోయి కొత్తవి ఆకలితో ఉండిపోతాయి. రోజుకొకటి చొప్పున చేర్చడమూ వద్దు. యాడ్ సెట్‌లో కొత్త ప్రకటన చేర్చిన ప్రతిసారీ మెటా లెర్నింగ్ ఫేజ్ మళ్లీ మొదలవుతుంది. దాన్నుంచి బయటపడటానికి వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. వారానికి పది ఆర్డర్లు వచ్చే దుకాణానికి అది అందని అంకె. అందుకే చిన్న వ్యాపారి మార్పులు తక్కువసార్లు చేయాలి, చేసినప్పుడు అన్నీ ఒక్కసారే చేసి ఏడు రోజులు ఓపిక పట్టాలి.

అయిదో వారం ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. స్విచ్ వీడియో 22,000 సార్లు కనిపించి 352 క్లిక్కులు, అయిదు ఆర్డర్లు తెచ్చింది. తోలు, వేడి ప్రశ్న 9,000 సార్లు కనిపించి 99 క్లిక్కులు, నాలుగు ఆర్డర్లు తెచ్చింది. కళాకారుడి చేతులకు దక్కినవి 4,000 ఇంప్రెషన్లు, 24 క్లిక్కులు. మొత్తం మీద క్లిక్ ఖర్చు తొమ్మిది రూపాయల లోపుకు దిగింది, ఆర్డరు ఖర్చు 467 అయింది. దీపానికి మళ్లీ 233 రూపాయలు మిగులుతున్నాయి. క్లిక్ రేటులో స్విచ్ వీడియో ముందుంది. కానీ ప్రశ్న వీడియోను చూసి వచ్చినవాళ్లు అనుమానం తీరాక వచ్చినవాళ్లు, అందుకే వాళ్లలో కొనేవాళ్లు ఎక్కువై ఉండవచ్చు. నాలుగు ఆర్డర్ల మీద తీర్పు చెప్పలేం, ఇంకో వారం చూడాలి. అలాగే వందల్లో మాత్రమే కనిపించిన ప్రకటనను పనికిరాదని తీసేయకూడదు. 800 సార్లకు 12 క్లిక్కులు రావాల్సింది 8 వస్తే, అది యాదృచ్ఛికమూ కావచ్చు.

కొత్త ప్రకటనలూ రెండు వారాల్లోనే చతికిలపడితే అప్పుడు అనుమానించాల్సింది జనాన్ని. హైదరాబాద్‌లో కొన్ని ప్రాంతాలకే, ఒకటి రెండు అభిరుచులకే పరిమితం చేసి ఉంటే ఎన్ని వీడియోలు తీసినా చూసేది అదే కొద్దిమంది. అక్కడ బెంగళూరు, విశాఖ, చెన్నైలకు తెరవడం, అభిరుచుల కంచె తీసేయడం, ఈ మధ్యే కొన్నవాళ్లను జాబితాలోంచి తప్పించడం పని చేస్తాయి. కొరియర్లో దీపం చెక్కుచెదరకుండా అంత దూరం చేరుతుందని తేల్చుకున్నాకే ఆ పని చేయాలి.

ఆపేసిన పాత ఫొటోను పారేయనక్కర్లేదు. మూడు నాలుగు నెలల తర్వాత, కొత్త జనం చేరాక, అదే మళ్లీ నడవవచ్చు. ఒక నోటు పుస్తకంలో ప్రతి ప్రకటనకూ నాలుగు విషయాలు రాసుకోండి: మొదలైన తేదీ, చూపించిన కారణం, మొదటి వారం ఆర్డరు ఖర్చు, ఆ ఖర్చు మీ లాభాన్ని దాటిన తేదీ. కొన్నాళ్లకు మీ ప్రకటనలు సగటున ఎన్ని వారాలు బతుకుతున్నాయో మీకే తెలుస్తుంది. అయిదు వారాలని తేలితే, మూడో వారంలోనే తర్వాతి వీడియోలు తీసి పెట్టుకోవచ్చు, నష్టం మొదలవ్వక ముందే వాటిని ఎక్కించవచ్చు.